మైకు ముందు పెళ్లికూతురి తండ్రి

తెలుగు పెళ్లిలో పెళ్లికూతురి తండ్రికి చేతినిండా పనే, నోటికి మాత్రం పెద్దగా పని ఉండదు. అల్లుడి కాళ్లు కడుగుతాడు, కన్యాదానం చేస్తాడు, పురోహితుడు చెప్పమన్న గోత్రం, ప్రవర చెబుతాడు. 'నాతిచరామి' అని మాట ఇచ్చేది వరుడు. అప్పగింతల వేళ కూతురి చేతులు పాలలో ముంచి అత్తింటివాళ్ల చేతుల్లో పెడుతుంటే పాట అందుకునేది ఆడవాళ్లు. తండ్రి కండువా అంచుతో కళ్లు ఒత్తుకుంటే సరిపోతుంది. ఒక నాలుగు మాటలు చెప్పండి అని ఆయన్ని ఎవరూ అడగరు.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న తెలుగు తండ్రిని అడుగుతారు. ఉదయం ముహూర్తానికి పంచె కట్టుకుని జీలకర్ర బెల్లం పెట్టించిన మనిషే, సాయంత్రం రిసెప్షన్లో సూటు వేసుకుని మూడు వందల మంది ముందు మైకు పట్టుకోవాలి. ఇంగ్లండు ఆనవాయితీ ప్రకారం భోజనాలయ్యాక ముందు పెళ్లికూతురి తండ్రి మాట్లాడతాడు, తర్వాత పెళ్లికొడుకు, ఆ తర్వాత అతని స్నేహితుడు. అమెరికాలో ఈ వరుస కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, చాలాచోట్ల మొదటి మాట తండ్రిదే. కారణం పాతకాలపు లెక్క: పెళ్లి ఖర్చు ఆడపిల్ల వాళ్లది, కాబట్టి విందు ఇస్తున్న గృహస్థు ఆయన, కాబట్టి అతిథులకు స్వాగతం చెప్పాల్సిందీ ఆయనే. ఇప్పుడు ఖర్చు ఇరువైపులా పంచుకుంటున్నారు, చాలాసార్లు పిల్లలే పెట్టుకుంటున్నారు. మైకు మాత్రం ఆయన చేతిలోనే మిగిలింది.

ఈ ప్రసంగానికి ఒక స్థిరమైన నడక ఉంది. వచ్చినవాళ్లకు ఒకటి రెండు వాక్యాల స్వాగతం, కూతురి చిన్ననాటి కబురు ఒకటి, అక్కడినుంచి అల్లుడి వైపు మలుపు, అతన్నీ అతని తల్లిదండ్రులనీ ఇంట్లోకి ఆహ్వానించడం, చివర అందరినీ గ్లాసులు ఎత్తమనడం. వినడానికి సులువే. నేను విన్న ప్రసంగాల్లో ఎక్కువ భాగం ఆ మలుపు దగ్గరే బోల్తా కొట్టాయి. బాల్యం గురించి ఎనిమిది నిమిషాలు మాట్లాడి, తొమ్మిదో నిమిషంలో గడియారం చూసుకుని, "బాబూ, మా అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో" అని ముగించేస్తారు. పాపం ఆ తండ్రికి తెలియకుండానే రిసెప్షన్ హాల్లో అప్పగింతలు మళ్లీ మొదలయ్యాయన్నమాట. పొద్దున అప్పగించినదాన్ని సాయంత్రం ఇంకోసారి అప్పగించాల్సిన పని లేదు. ఈ ప్రసంగం నడవాల్సిన దిక్కు వేరు. అప్పగింతల్లో అమ్మాయి గడప దాటి బయటికి వెళుతుంది, ఇక్కడ అబ్బాయి గడప దాటి లోపలికి వస్తాడు. అయినా సొంతంగా ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి అప్పు తీర్చుకుంటున్న ముప్పయ్యేళ్ల పిల్లను జాగ్రత్తగా చూసుకోమని ఒకరికి చెప్పడం, వినేవాళ్లకు ముద్దుగా ఉన్నా, ఆ పిల్లకు అంత ముద్దుగా ఉండదు.

మా బావ ప్రసంగం ఎలా తయారైందో చెబితే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. నా మేనకోడలు పెళ్లి చేసుకున్నది ఒక అమెరికన్ అబ్బాయిని. మా ఊళ్లో అయితే మేనమామగా పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావడం నా పని. ఇక్కడ ఆ పనితో పాటు రాతపని కూడా అంటగట్టారు. పెళ్లికి మూడు వారాల ముందు బావ నాలుగు పేజీలు పంపాడు.

అందులో అమ్మాయి పుట్టిన రోజు మంచు ఎన్ని అంగుళాలు పడిందో ఉంది. స్పెల్లింగ్ బీలో గెలిచిన కప్పు ఉంది, కూచిపూడి రంగప్రవేశం ఉంది, మెడిసిన్‌లో సీటు ఉంది, రెసిడెన్సీ ఉంది. అల్లుడి గురించి చివరి పేజీలో రెండు వాక్యాలు. అతను చాలా మంచివాడు, మా కుటుంబంలోకి అతనికి స్వాగతం.

"బావా, ఇది ఉద్యోగానికి పంపే బయోడేటాలా ఉంది" అన్నాను.

"మరి పిల్ల సాధించినవి చెప్పొద్దా?"

"హాల్లో ఉన్నవాళ్లందరికీ అవి తెలుసు. మీరు ఒక్కరే చూసినది ఏదైనా చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించి మళ్లీ రంగప్రవేశం దగ్గరికే వచ్చాడు. అప్పుడు దారి మార్చాం. నా అనుభవంలో ఈ ప్రసంగాన్ని వెనకనుంచి ముందుకు రాసుకోవాలి. చిన్ననాటి జ్ఞాపకాలు తండ్రి దగ్గర బస్తాలకొద్దీ ఉంటాయి, ఏది తీయాలో తెలియక అన్నీ కుమ్మరిస్తాడు. అల్లుడి గురించి తెలిసినవి మాత్రం గుప్పెడే. అందుకని ముందు ఆ గుప్పెడు విప్పాలి. అల్లుడు చేసిన పని, తాను స్వయంగా చూసినది, ఒకే ఒకటి కావాలి. గుణాల పేర్లు పనికిరావు. మంచివాడు, తెలివైనవాడు, పెద్దలంటే గౌరవం ఉన్నవాడు అనేవి ఏ అల్లుడికైనా అతుకుతాయి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశాడన్నది కావాలి. అది దొరికాక, దానికి జతపడే బాల్యపు కబురు కోసం బస్తాలో వెతకాలి.

బావకు గుర్తొచ్చింది థాంక్స్‌గివింగ్ నాటి సంగతి. అబ్బాయి వాళ్లింటికి రావడం అదే మొదటిసారి. ఇంట్లో పాతికమంది పైగా జనం, భోజనాలు కింద బేస్‌మెంట్‌లో. బావ వాళ్ల అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. ఆవిడ పైన టీవీ ముందు ఒక్కరే కూర్చున్నారు. ఎవరో ఒకరు ఆవిడకు పళ్లెం ఇచ్చే ఉంటారని కింద ప్రతి ఒక్కరూ అనుకున్నారు. బావ కాఫీ కోసం పైకి వస్తే కనిపించిన దృశ్యం ఇది: ఈ అబ్బాయి ఒక పళ్లెం ఆవిడకు తెచ్చి పెట్టి, ఇంకొకటి తన ఒళ్లో పెట్టుకుని, ఆవిడ పక్కన కూర్చుని తెలుగు సీరియల్ చూస్తున్నాడు. ఆవిడ అత్తగారి పాత్ర దుర్మార్గాలన్నీ తెలుగులో వివరిస్తున్నారు. అతను ప్రతిదానికీ తల ఊపుతున్నాడు.

"ఇది రాయలేదేం?" అని అడిగాను.

"ఇదేం పెద్ద విషయంరా" అన్నాడు.

అదే పెద్ద విషయం. అతను చేసినదేమిటి? ఇంటినిండా జనంలో ఒక మనిషి తక్కువయ్యారని కనిపెట్టాడు. ఇప్పుడు అమ్మాయి బాల్యంలో దీనికి జత ఉందా అని అడిగితే, మా అక్క వెంటనే అందుకుంది. చిన్నప్పుడు ఈ పిల్లకు కారు ఎక్కగానే మనుషుల్ని లెక్కపెట్టే అలవాటు. లెక్క సరిపోయేదాకా బండి కదలనిచ్చేది కాదు. ఆరేళ్లప్పుడు రెండు కార్లలో పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లారు. కొలంబస్ నుంచి అది మూడు గంటల పైచిలుకు ప్రయాణం. దర్శనం అయ్యాక పెద్దాయన ఆ కార్లో ఉన్నారని ఈ కారువాళ్లు, ఈ కార్లో ఉన్నారని ఆ కారువాళ్లు అనుకున్నారు. వెనక సీట్లోంచి పిల్ల "తాతయ్య లేడు" అని గోల పెట్టింది. వెళ్లి చూస్తే ఆయన కింద క్యాంటీన్లో రెండో పొట్లం పులిహోర తింటున్నారు.

స్పెల్లింగ్ బీ, రంగప్రవేశం, మెడిసిన్ సీటు అన్నీ ఎగిరిపోయాయి. బావకు ప్రాణం ఒప్పలేదు, కనీసం రంగప్రవేశమైనా ఉంచమన్నాడు. అది స్లైడ్ షోలో ఫొటోగా వస్తుందని ఒప్పించాం.

హాల్లో సగం మందికి తెలుగు రాదు కాబట్టి ప్రసంగం ఇంగ్లీషులోనే నడిచింది. కొన్ని చోట్ల ప్రతి వాక్యాన్నీ రెండు భాషల్లో చెబుతారు. దానితో నిడివి రెట్టింపు అవుతుంది, నవ్వు రెండుసార్లు చల్లారిపోతుంది. ఒక భాషలో నడిపి, కూతురితో నేరుగా అనే ఒక్క మాట తెలుగులో ఉంచుకుంటే బాగుంటుంది. ఆ మాట అర్థంకాని వాళ్లకు కూడా అది ఎవరికి, ఎందుకు అన్నది తెలిసిపోతుంది. బావ మాట్లాడినదాన్ని ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను, పేర్లు తీసేశాను.

"అందరికీ నమస్కారం. దూరాభారం అనుకోకుండా వచ్చిన మీ అందరికీ నా తరఫునా, నా భార్య తరఫునా స్వాగతం. మినసోటా నుంచి వచ్చినవాళ్లు పొద్దున్నుంచీ కుర్చీల్లో ఓపిగ్గా కూర్చుని, ఎప్పుడు అక్షింతలు వేయాలో మా వాళ్లకంటే ముందే కనిపెట్టేశారు. మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

"మా అమ్మాయికి చిన్నప్పుడు ఒక అలవాటు ఉండేది. కారు ఎక్కగానే అందర్నీ లెక్కపెట్టేది. అమ్మ ఒకటి, నాన్న రెండు, అన్నయ్య మూడు, నేను నాలుగు. లెక్క సరిపోయిందని తను చెప్పేదాకా నేను తాళం తిప్పడానికి వీల్లేదు. ఆఫీసుకు ఆలస్యమైన రోజుల్లో ఈ లెక్క నాకు ఎంత విసుగు తెప్పించేదో చెప్పలేను. తనకు ఆరేళ్లప్పుడు అందరం పిట్స్‌బర్గ్ గుడికి వెళ్లాం. తిరిగి బయలుదేరుతుంటే వెనకనుంచి ఒక్కటే ఏడుపు, తాతయ్య లేడని. ఉన్నారమ్మా, ఆ కార్లో ఉన్నారు అన్నాను. లెక్కపెట్టావా అని అడిగింది. నేను లెక్కపెట్టలేదు. దిగి వెళ్లి చూస్తే మా నాన్నగారు క్యాంటీన్లో ప్రశాంతంగా పులిహోర తింటున్నారు. మమ్మల్ని చూసి, అప్పుడే బయలుదేరారా అన్నారు.

"మా నాన్నగారు ఇవాళ ఇక్కడ లేరు. ఉంటే ఈ పాటికి భోజనాల వైపు వెళ్లి ఉండేవారు.

"ఇక మూడేళ్ల కిందటి సంగతి. థాంక్స్‌గివింగ్ రోజు మా ఇంట్లో పాతికమంది. మా అమ్మ మెట్లు దిగలేదు. కింద మేమంతా కబుర్లలో పడిపోయాం. నేను పైకి వెళ్లేసరికి, ఆ రోజే మొదటిసారి మా ఇంటికి వచ్చిన ఒక కుర్రాడు మా అమ్మకు పళ్లెం తెచ్చిపెట్టి, పక్కన కూర్చుని తెలుగు సీరియల్ చూస్తున్నాడు. అతన్ని ఎవరూ పంపలేదు. కింద మనుషుల్లో ఒకరు తగ్గారని తనే చూసుకున్నాడు. ఆ రాత్రి మా ఆవిడతో అన్నాను, ఈ ఇంట్లో లెక్కపెట్టేవాళ్లు ఇప్పుడు ఇద్దరయ్యారని.

"అల్లుడూ, నువ్వు ఇవాళ మా ఇంటివాడివి కాలేదు. ఆ సీరియల్ పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నావే, ఆ రోజే అయ్యావు. ఇవాళ అందరికీ చెబుతున్నాం, అంతే. వియ్యంకుడుగారూ, వియ్యపురాలుగారూ, ఎవరూ చెప్పకుండానే పక్క గదిలో ఉన్న ముసలావిడను గుర్తుపెట్టుకునేలా ఒక పిల్లవాణ్ణి పెంచడం ఎంత కష్టమో మాకు తెలుసు. మా లెక్కలో ఇక మీరూ ఉన్నారు.

"అమ్మడూ, అందరూ ఉన్నారమ్మా. ఇక బయలుదేరు.

"దయచేసి అందరూ గ్లాసులు ఎత్తండి. వధూవరులకు!"

ఇందులో మలుపు ఎక్కడుందో చూడండి. బాల్యం అయిపోయింది, ఇప్పుడు అల్లుడి గురించి మాట్లాడతాను అని ఎక్కడా అనలేదు. అమ్మాయి గురించి చెప్పిన కబురే అబ్బాయి దాకా నడిచివచ్చింది. అమ్మాయిది ఒక అలవాటు, అబ్బాయిది ఒక పని, రెండింటికీ కీలకం ఒకటే. ఇద్దరూ ఎందుకు కలిశారో, ఎందుకు కలిసి ఉండగలరో విన్నవాళ్లు తమంతట తామే అల్లుకుంటారు. మీరు ఒకరి కోసమే పుట్టారు లాంటి వాక్యం ఒక్కటి కూడా అక్కర్లేకపోయింది. అలాగే, కూతుర్ని పోగొట్టుకోలేదు, కొడుకును పొందానన్న వాక్యం కూడా లేదు. ప్రతి రిసెప్షన్లోనూ అది వినపడుతూనే ఉంటుంది. దానికి చప్పట్లు పడతాయి గానీ, ఇంటికెళ్లాక ఎవరికీ గుర్తుండదు.

లేనిదాని గురించి కూడా ఆలోచించే కబురు ఎంచుకున్నాం. అందరికీ అర్థం కావాలి, పులిహోర అంటే తెలియని మినసోటా వాళ్లు కూడా తిండి దగ్గర ఇరుక్కుపోయిన తాతయ్యను ఊహించుకోగలరు. పెళ్లికూతురు తల దించుకునేది కాకూడదు. పక్క తడపడం, లావుగా ఉండేదని ఏడిపించడం, రంగు, పాత స్నేహాలు, ముందు వచ్చి తప్పిపోయిన సంబంధాలు, పెళ్లికి ఎంత ఖర్చయిందన్నవి నవ్వు తెప్పించినా చెప్పకూడదు. మనవాళ్లలో మొదటి మూడింటి మీద చనువుగా హాస్యమాడటం మామూలే. మూడు వందల మంది ముందు, వీడియో తీస్తున్నప్పుడు, కొత్త అత్తగారు వింటుండగా అది హాస్యం కాదు. అమెరికా తండ్రులకు ఇంకో జాడ్యం ఉంది, అల్లుణ్ణి తుపాకీతో బెదిరించే పాత జోకు. మన తండ్రులు కొందరు దాన్ని సినిమాల్లో చూసి అరువు తెచ్చుకుంటున్నారు. కాళ్లు కడిగి కన్యాదానం చేసిన రోజునే అల్లుణ్ణి బెదిరించడం నాకైతే అసలు మింగుడుపడదు.

తోబుట్టువుల సంగతి కూడా చూసుకోవాలి. బావ చిత్తులో కొడుకు పేరు ఎక్కడా లేదు. 'అన్నయ్య మూడు' అన్న లెక్కలో అతనూ వచ్చేశాడు, విడిగా ఒక పేరా రాయాల్సిన అవసరం పడలేదు. తల్లి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తండ్రి మాట్లాడుతున్నాడు కదా అని పిల్లను ఆయన ఒక్కడే పెంచినట్టు ధ్వనించకూడదు. మైకు ఆయనదైనా మాట ఇద్దరిది. తండ్రి లేనిచోట తల్లో మేనమామో అన్నయ్యో మాట్లాడితే, ఎవరి బదులు తాను నిలబడ్డాడో ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోవడం మంచిది. అక్కడే ఆగిపోతే పెళ్లి సంతాప సభ అవుతుంది. బావ ప్రసంగంలో చనిపోయిన పెద్దాయన గురించి రెండే వాక్యాలు, అందులో రెండోది నవ్వు. ఆ రెండు వాక్యాలూ ఎన్నిసార్లు మార్చామో!

నిడివి నాలుగు నుంచి ఐదు నిమిషాలు. ఇంగ్లీషులో తాపీగా మాట్లాడితే ఐదు నిమిషాలకు సుమారు 600 పదాలు పడతాయి. తెలుగు మాటలు పొడవు కాబట్టి 400 దాటకుండా చూసుకోవాలి. కంటితో చదువుకుంటే ఈ లెక్క తెలియదు, నిలబడి పైకి చదవాలి. పైకి చదివితేనే ఇంకొకటి కూడా బయటపడుతుంది, గొంతు ఎక్కడ పూడుకుపోతుందన్నది. ప్రతి తండ్రికీ అలాంటి వాక్యం ఒకటి ఉంటుంది, అది ఏదో ముందుగా ఊహించలేం. బావకు తండ్రి ప్రస్తావన దగ్గర ఆగుతుందనుకున్నాం, అక్కడ హాయిగా దాటిపోయాడు. "అందరూ ఉన్నారమ్మా" దగ్గర నాలుగుసార్లు చదివితే నాలుగుసార్లూ ఆగిపోయాడు. అలాంటి వాక్యాన్ని తీసేయనక్కర్లేదు, పొట్టిగా చేయాలి. మొదట అది మూడు లైన్ల వాక్యం. వణికే గొంతుతో మూడు లైన్లు లాగలేరు, రెండు మాటలు ఎలాగైనా అనగలరు. దానికి ముందు కాగితం మీద ఒక ఎర్ర గీత గీసి, అక్కడ ఆగి నీళ్లు తాగమన్నాం. ఏడుపు వస్తే క్షమించండి అనకూడదు, ఊరుకుని ఊపిరి తీసుకోవాలి. హాలు ఎదురుచూస్తుంది.

కాగితం అంటే కాగితమే. ఫోన్లో చూసి చదివితే తెర ఆరిపోతుంది, వేలు తగిలి పేజీ జారిపోతుంది, ఆ వెలుగు ముఖం మీద పడి ఫొటోలన్నీ పాడవుతాయి. పోస్టుకార్డు సైజు అట్టల మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, కింద పడితే కలిసిపోకుండా మూలన అంకెలు వేసుకోవాలి. మైకు గడ్డం కిందికి జారిపోకుండా నోటికి బెత్తెడు దూరంలో ఉంచాలి. తెలుగు తండ్రులు చేతులు తిప్పుతూ మాట్లాడేటప్పుడు మైకు కూడా తిరిగి, సగం మాటలు సీలింగుకు వినిపిస్తాయి. ఇంకొక చిన్న విషయం: బాల్యం చెబుతున్నంతసేపూ చూపు అమ్మాయి మీద, అతిథుల మీద ఉండొచ్చు. అల్లుడి పేరు వచ్చే వాక్యం దగ్గర మాత్రం ఒళ్లంతా అతని వైపు తిరగాలి. అతనితో మాట్లాడాలి, అతని గురించి కాదు. 'అతను' అన్నది 'నువ్వు'గా మారిన ఆ క్షణంలోనే స్వాగతం జరిగిపోతుంది.

గ్లాసుల గురించి మన ఇళ్లలో చిన్న చర్చ తప్పదు. ఆ పద్ధతి మనది కాదని కొందరు పెద్దలు ముఖం ముడుచుకుంటారు. గ్లాసులో షాంపేనే ఉండాలని ఎవరూ అనలేదు, ద్రాక్షరసం ఉన్నా మామిడి లస్సీ ఉన్నా ఎత్తొచ్చు. అయితే ఆ ముగింపును మానేయడం నాకు నచ్చదు, దానికి ఒక పని ఉంది. ప్రసంగం అయిపోయిందని హాలుకు తెలుస్తుంది, తర్వాత మాట్లాడాల్సిన పెళ్లికొడుకుకు లేవడానికి సంజ్ఞ అందుతుంది. అది లేకపోతే తండ్రి "ఇంకొక్క మాట" అంటూ మళ్లీ మొదటికి వెళ్లిపోతాడు.

ఇంట్లో నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు పట్టిన ప్రసంగం హాల్లో నవ్వులతో కలిపి ఆరున్నర నిమిషాలు పట్టింది. తర్వాత లేచిన పెళ్లికొడుకు తాను రాసుకొచ్చిన మొదటి పేజీ పక్కన పెట్టేసి, ఆ సీరియల్లో అత్తగారు చివరికి మారిందా లేదా అని నాయనమ్మను అడిగాడు. ఆవిడ ముందు వరుసలో కూర్చుని, ఇంకా మారలేదని తెలుగులో గట్టిగా జవాబు చెప్పారు.